పద్నాలుగో స్లైడు: పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టేనా?

మారతహళ్ళి శనివారం క్లాసు వాళ్ళందరికీ. మొన్న టైమ్ అయిపోయి పద్నాలుగో స్లైడు హడావుడిగా దాటించేశాం. ఆ తర్వాత మీలో ముగ్గురు నలుగురు విడివిడిగా ఒకే ప్రశ్న పంపారు, "జబ్బున్నవాళ్ళలో 90 శాతం మందిని పట్టుకునే టెస్టు అన్నారు కదా, మరి పాజిటివ్ వస్తే జబ్బు ఉండే అవకాశం 90 శాతం కాకుండా 15 శాతమే ఎలా అవుతుంది?" అని. ఈ స్లైడులో అర్థం కావాల్సింది సరిగ్గా అదే, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. స్లైడు పక్కన తెరిచి పెట్టుకుని చదవండి.

స్లైడు మీద ఉన్నది ఇంతే:

```
P(D)         = 0.01
P(+ | D)     = 0.90
P(+ | not D) = 0.05
P(D | +)     = ?
```

P అంటే అవకాశం, D అంటే జబ్బు ఉండటం, + అంటే టెస్టు పాజిటివ్ రావడం. ఈ అంకెలు ఏ నిజమైన టెస్టువీ కావు, లెక్క సులువుగా ఉండాలని నేను పెట్టినవి. మధ్యలో ఉన్న నిలువు గీతను "అని తెలిశాక" అని చదవండి. రెండో లైను, జబ్బు ఉందని తెలిశాక పాజిటివ్ వచ్చే అవకాశం. నాలుగోది, పాజిటివ్ అని తెలిశాక జబ్బు ఉండే అవకాశం. గీతకు అటూ ఇటూ ఉన్నవి తారుమారయ్యాయి, కాబట్టి ప్రశ్నే మారిపోయింది. శుక్రవారం రాత్రి మడివాళలో హైదరాబాద్, విజయవాడ బస్సులు ఎక్కేవాళ్ళను చూడండి, వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. అలాగని బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఆ రాత్రి మడివాళలో బస్సు ఎక్కుతున్నారా? లేదు కదా. మొదటి ప్రశ్నలో మనం లెక్కపెట్టేది బస్సు ఎక్కినవాళ్ళ గుంపును, రెండో ప్రశ్నలో ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరినీ. కండిషనల్ ప్రాబబిలిటీ లెక్క ఏది చేసినా ముందు "ఏ గుంపులోంచి లెక్కపెడుతున్నాం?" అని అడగండి, సగం తికమక అక్కడే పోతుంది.

ఇప్పుడు ఫార్ములా కాసేపు పక్కన పెట్టి మనుషుల్ని లెక్కపెడదాం. ఏ లక్షణాలూ లేని 10,000 మందికి ఏదో కంపెనీ హెల్త్ చెకప్‌లో ఈ టెస్టు చేశారనుకోండి. నూటికి ఒకరికి జబ్బు, అంటే 100 మందికి ఉంది, 9,900 మందికి లేదు. ఆ 100 మందిలో 90 మందికి పాజిటివ్ వస్తుంది, 10 మంది తప్పించుకుంటారు. జబ్బు లేని 9,900 మందిలో 5 శాతం, అంటే 495 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. ఇవే ఫాల్స్ పాజిటివ్‌లు. మొత్తం పాజిటివ్ రిపోర్టులు 90 + 495 = 585. అందులో నిజంగా జబ్బున్నవాళ్ళు 90 మందే. 90ని 585తో భాగిస్తే 0.154 వస్తుంది, అంటే దాదాపు 15 శాతం.

ఇక్కడ కాస్త ఆగండి. 5 శాతం చిన్న తప్పే, కానీ అది 9,900 మంది మీద పడింది. 90 శాతం పెద్దదే, కానీ అది 100 మంది మీదే పనిచేసింది. చిన్న గుంపులో పెద్ద శాతం కంటే పెద్ద గుంపులో చిన్న శాతం ఎక్కువమందిని తెచ్చిపెట్టింది. టెస్టు చెడ్డదేమీ కాదు, ఆ జబ్బు అరుదుగా వస్తుంది, అంతే.

బేయ్స్ సూత్రం చేసేది ఇదే పని:

```
P(D | +) = P(+|D)·P(D) / [ P(+|D)·P(D) + P(+|not D)·P(not D) ]
         = 0.009 / (0.009 + 0.0495)
         ≈ 0.154
```

పైన 90 మంది, కింద 585 మంది, రెండింటినీ 10,000తో భాగించాం. ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన సూత్రమే ఇది. థామస్ బేయ్స్ దీన్ని తను బతికుండగా ప్రచురించలేదు, ఆయన పోయాక స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ రాయల్ సొసైటీకి పంపితే 1763లో అచ్చయింది.

ఈ లెక్కలో తడబడేది మనమే కాదు. 1978లో హార్వర్డ్ అనుబంధ ఆసుపత్రుల్లో డాక్టర్లు, మెడికల్ విద్యార్థులు కలిపి 60 మందిని ఇలాంటి ప్రశ్నే అడిగారు. వెయ్యిలో ఒకరికి వచ్చే జబ్బు, 5 శాతం ఫాల్స్ పాజిటివ్, పాజిటివ్ వచ్చిన మనిషికి జబ్బు ఉండే అవకాశం ఎంత అని. దాదాపు సగం మంది 95 శాతం అన్నారు. సరైన జవాబు సుమారు 2 శాతం, అది చెప్పినవాళ్ళు 11 మందే. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం అనిపిస్తుంది, ఎందుకంటే రిపోర్టు చేతిలో పట్టుకుని రాత్రంతా టెన్షన్ పడే మనిషికి "అవకాశం 95" అని చెప్పడానికీ "అవకాశం 2, ఇంకో టెస్టు చేసి చూద్దాం" అని చెప్పడానికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి.

అయితే దీన్నుంచి "పాజిటివ్ వచ్చినా పట్టించుకోనక్కర్లేదు" అని మాత్రం అనుకోకండి, అది పెద్ద ప్రమాదం. టెస్టుకు ముందు 1 శాతంగా ఉన్న అవకాశం ఇప్పుడు 15 అయింది, అది పదిహేను రెట్లు. తప్పకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. పైగా లక్షణాలతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో నూటికి 30 మందికి ఈ జబ్బు ఉంటుందనుకుంటే, అదే టెస్టు, అవే 90, 5 శాతాలు, కానీ 10,000 మందిలో నిజమైన పాజిటివ్‌లు 2,700, ఫాల్స్ పాజిటివ్‌లు 350. అవకాశం 88 శాతం దాటిపోతుంది. డాక్టర్ ముందుగా "జ్వరం ఉందా, ఇంట్లో ఎవరికైనా ఉందా" అని అడిగేది P(D) కోసమే, ఆ పేరుతో అనకపోయినా.

రెండోసారి టెస్టు చేస్తే? 585 మందికి మళ్ళీ చేస్తే 90లో 81 మందికి, 495లో సుమారు 25 మందికి పాజిటివ్ వస్తుంది. అవకాశం ఒక్కసారిగా 76 శాతానికి ఎగబాకుతుంది. కానీ ఇది రెండు టెస్టుల తప్పులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పుడే. మొదటిసారి రక్తంలో ఉన్న వేరే ఏదో పదార్థం వల్ల తప్పు పాజిటివ్ వచ్చి ఉంటే, అదే కిట్‌తో ఎన్నిసార్లు చేసినా అదే తప్పు రావచ్చు. అందుకే హెచ్‌ఐవీ లాంటివాటికి ఒక్క కిట్ ఫలితంతో తేల్చేయరు, వేరే రకం కిట్లతో మళ్ళీ పరీక్షించాకే చెబుతారు.

నెగటివ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. నెగటివ్ వచ్చినవాళ్ళు 9,405 + 10 = 9,415 మంది, వాళ్ళలో జబ్బున్నవాళ్ళు 10 మంది, అంటే వెయ్యికి ఒకరు. ఈ స్లైడు అంకెలతో నెగటివ్‌ను చాలావరకు నమ్మొచ్చు.

ఇంకొక్కటి, మీలో మెషీన్ లెర్నింగ్ ఇంటర్వ్యూలకు వెళ్ళేవాళ్ళ కోసం. ఈ టెస్టు 10,000లో 9,495 సార్లు సరిగ్గా చెప్పింది, అంటే యాక్యురసీ దాదాపు 95 శాతం. కళ్ళు మూసుకుని అందరికీ నెగటివ్ అని రాసేసే టెస్టు యాక్యురసీ ఎంతో తెలుసా? 99 శాతం. ఒక్క రోగినీ పట్టుకోకుండా! అరుదైన విషయాన్ని వెతికే మోడల్‌కు యాక్యురసీ ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకండి, పాజిటివ్ అన్నవాటిలో ఎన్ని నిజమో అడగండి.

వచ్చే శనివారానికి ఇది రన్ చేసి తీసుకురండి. ఇందులో p అంటే P(D), sens అంటే P(+ | D), fpr అంటే P(+ | not D), ppv లెక్కగట్టేది P(D | +):

```python
def ppv(p, sens, fpr):
    return p*sens / (p*sens + (1-p)*fpr)

for p in [0.001, 0.01, 0.1, 0.3]:
    print(p, round(ppv(p, 0.90, 0.05), 3))
```

తర్వాత p ను 0.01 దగ్గరే ఉంచి, ముందు sens ను 0.99కి పెంచి చూడండి, ఆ తర్వాత sens ను మళ్ళీ 0.90కి తెచ్చి fpr ను 0.01కి తగ్గించి చూడండి. ఏ మార్పుకు జవాబు ఎక్కువగా కదిలిందో, ఎందుకు కదిలిందో ఆ 9,900 మందిని దృష్టిలో పెట్టుకుని రెండు వాక్యాల్లో రాయండి. క్లాసు మొదలవగానే వాటితోనే పదిహేనో స్లైడులోకి వెళ్దాం.