మొదటి అంతస్తు వాటా: అద్దెదారులు మారేటప్పుడు రూటర్ విషయంలో సరిచూసుకోవలసినవి

పాత అద్దెదారులు 30వ తేదీ సాయంత్రం తాళాలు అప్పగిస్తారు, కొత్తవారు 2వ తేదీ ఉదయం చేరతారు. రీసెట్ 1వ తేదీన, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే జరగాలి. ముందే చేస్తే ఉన్నవారి ఇంటర్నెట్ ఆగిపోతుంది.

పాతవారు వెళ్లేలోపు

☐ కనెక్షన్ యజమాని పేరున ఉంది కనుక, ఇంటర్నెట్ కంపెనీ నెట్‌వర్క్‌లోకి రూటర్ లాగిన్ కావడానికి వాడే PPPoE యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చేతిలో ఉన్నాయని నిర్ధారించుకోవాలి. రీసెట్‌తో అవి రూటర్ నుంచి చెరిగిపోతాయి, కాబట్టి అవి దొరికేవరకు రీసెట్ బటన్ ముట్టుకోకూడదు.

☐ రూటర్‌ను తమ మొబైల్ యాప్ ఖాతాకు జతచేసుకుని ఉంటే, ఆ జతను వారి చేతనే తీసివేయించాలి.

1వ తేదీన

☐ రూటర్ ఆన్‌లో ఉండగా, వెనుక రంధ్రంలోని Reset బటన్‌ను సన్నని పిన్నుతో సుమారు 10 సెకన్లు, దీపాలు ఆరి మళ్లీ వెలిగేవరకు నొక్కి ఉంచాలి. వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే చాలదు: పాతవారు మార్చిన DNS చిరునామాలు, తెరిచిన పోర్టులు, గెస్ట్ నెట్‌వర్క్, బయటినుంచి రూటర్‌ను నడిపే సదుపాయం అలాగే మిగిలిపోతాయి. వారి ఫోన్ల, కంప్యూటర్ల పేర్లు కూడా రూటర్ జాబితాలో ఉండిపోవచ్చు; వాటిని చెరిపివేయడం వారిపట్ల మన బాధ్యత.

☐ రీసెట్ తరువాత రూటర్ అడుగున స్టిక్కర్‌పై ఉన్న పాస్‌వర్డే మళ్లీ పనిచేస్తుంది. ఆ స్టిక్కర్‌ను పాతవారు ఎన్నోసార్లు చూసే ఉంటారు. అందువల్ల రీసెట్ చేసి వదిలేయకుండా, ఆ పూటే మిగిలిన పనులు ముగించాలి.

☐ ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి, 192.168.0.1 పేజీ తెరిచి, మొట్టమొదట అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. అది వైఫై పాస్‌వర్డ్‌తో ఒకటి కాకూడదు.

☐ PPPoE వివరాలు నమోదు చేసి, ఇంటర్నెట్ వచ్చాక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయాలి.

☐ నెట్‌వర్క్ పేరును Vennela-New అని పెట్టాలి. పాత పేరు వద్దు; ఇంటి నంబరు గానీ, అద్దెదారుల పేరు గానీ అందులో కనిపించకూడదు, ఎందుకంటే వీధిలో వెళ్లేవారి ఫోన్లలోనూ ఆ పేరు కనబడుతుంది.

☐ భద్రతను WPA2/WPA3 గా ఎంచుకుని, పొంతనలేని నాలుగైదు మాటలు కలిపిన కొత్త వైఫై పాస్‌వర్డ్ పెట్టాలి. కనీసం 8 అక్షరాలు తప్పనిసరి, 16కు మించితే మంచిది. పాస్‌వర్డ్ టైపు చేయకుండానే పరికరాలను కలిపే WPS, బయటినుంచి రూటర్‌ను నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపివేయాలి.

☐ పాత పాస్‌వర్డ్ ఉన్న ఫోన్‌తో ఒకసారి ప్రయత్నించి, అది చేరడం లేదని, కొత్త పాస్‌వర్డ్‌తో చేరుతున్నదని రెండూ చూడాలి.

2వ తేదీన, కొత్తవారి సమక్షంలో

☐ నెట్‌వర్క్ పేరు, వైఫై పాస్‌వర్డ్ మాత్రమే రాసిన కాగితాన్ని మూసిన కవరులో ఇవ్వాలి. మెసేజ్‌లో పంపవద్దు, ఈ జాబితాలో కూడా రాయవద్దు.

☐ అడ్మిన్ పాస్‌వర్డ్ యజమాని వద్ద ఉందని, దానితో రూటర్‌కు కలిసిన పరికరాల పేర్లు కనిపిస్తాయని దాచకుండా చెప్పాలి. వారు అడిగితే ఆ పాస్‌వర్డ్‌ను వారికే అప్పగించి, వారి చేతనే మార్పించాలి. ఖాళీ చేసే రోజున రూటర్‌ను రీసెట్ చేసే హక్కు యజమానికి ఉంటుందని అప్పుడే మాట్లాడుకోవాలి.

☐ వారి ఫోన్‌లో వైఫై కలిసి, ఒక పేజీ తెరుచుకున్నాక ఇరువురూ ఈ జాబితాపై సంతకం చేయాలి.