కల్యాణ మండపం అడ్వాన్సు వాపసు కోరుతూ లేఖ

హనుమకొండ,
25 ఆగస్టు 2025.

మేనేజరు గారికి,
కల్యాణ మండపం కార్యాలయం,
హనుమకొండ.

విషయం: 14 ఆగస్టు 2025 నాటి బుకింగ్ రద్దు, అడ్వాన్సు తిరిగి చెల్లింపు గురించి.

అయ్యా,

మా అమ్మాయి పెళ్లి కోసం ఫిబ్రవరి 20న మీ మండపం బుక్ చేసుకున్నాను. అద్దె నాలుగు లక్షలు. అందులో సగం, అంటే రూ.2,00,000 అడ్వాన్సుగా, దాని మీద 18 శాతం జీఎస్టీ కింద రూ.36,000 ఆ రోజే చెల్లించాను. మే నెలాఖరున కాబోయే వియ్యంకుడు గారు గుండెపోటుతో కాలం చేశారు. సంవత్సరీకం అయ్యే దాకా వారింట శుభకార్యం చేయరు. ఈ సంగతి తెలుపుతూ జూన్ 4న మీ కార్యాలయానికి స్వయంగా వచ్చి రద్దు లేఖ ఇచ్చాను. ముహూర్తానికి అప్పటికి ఇంకా పది వారాల గడువుంది. మీ గుమస్తా ముద్ర వేసి ఇచ్చిన నకలు నా దగ్గర ఉంది.

దానికి మీరు చెప్పిన జవాబు ఒక్కటే: రసీదు వెనుక తొమ్మిదో నిబంధన. 'ఏ కారణంతో రద్దు చేసుకున్నా అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు.' తరువాత ఫోనులో, ఆరు నెలల లోపు వేరే తేదీ ఎంచుకుంటే సర్దుబాటు చేస్తామన్నారు. ఏడాది దాకా పెళ్లే లేదని చెప్పిన వాడికి ఆరు నెలల గడువు దేనికి పనికివస్తుంది?

ఆగస్టు 14న మీ మండపం ఖాళీగా లేదు, అందులో వేరే వారి పెళ్లి జరిగింది. ఆషాఢం పోయి శ్రావణం వచ్చాక మంచి ముహూర్తం ఉన్న రోజున మన ఊళ్లో ఏ మండపమూ ఖాళీగా ఉండదని నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ పెళ్లికి నాకూ శుభలేఖ వచ్చింది. వెళ్లి అక్షింతలు వేసి, భోజనం చేసి వచ్చాను. అద్దె నాలుగు లక్షలకు ఒక్క రూపాయి కూడా తగ్గించలేదని పెళ్లికూతురి తండ్రే చెప్పారు. అంటే ఒకే రోజుకు మీకు ఆరు లక్షలు ముట్టాయి. నేను రద్దు చేసుకోవడం వల్ల మీకు జరిగిన నష్టం ఏమిటో దయచేసి లెక్క చూపండి.

నష్టం సంగతి ఎందుకు అడుగుతున్నానంటే, చట్టమూ అదే అడుగుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినప్పుడు ఇంత చెల్లించాలని రాసుకున్నా, ఆ మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సహేతుకమైన పరిహారం మాత్రమే రాబట్టుకోవచ్చు. ముందే కట్టించుకున్న డబ్బును జప్తు చేసుకోవడానికీ ఈ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1963లో ఫతే చంద్ కేసులో చెప్పింది. అసలు నష్టమే లేని చోట ఈ సెక్షన్ కింద పరిహారం ఉండదని 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో తేల్చింది. మీరు దీన్ని బయానా అనవచ్చు. అద్దెలో సగం బయానా కాదు, అద్దెలో కొంత ముందే కట్టించుకోవడం. బయానా అనుకున్నా, జప్తు చేసే మొత్తం సహేతుకంగా ఉండాలి.

రసీదు మీద సంతకం పెట్టారు కదా అంటారేమో. పెట్టాను. డబ్బు కట్టాక చేతికిచ్చిన అచ్చు కాగితంలో ఒక్క మాట మార్చమని అడిగే వీలు ఎవరికి ఉంటుంది? అదే కాగితంలో పదకొండో నిబంధన చూడండి: బుకింగ్‌ను మీరే రద్దు చేస్తే అడ్వాన్సు మాత్రం తిరిగి ఇచ్చి ఊరుకోవచ్చు. పెళ్లివారు నడిరోడ్డున పడ్డా పైసా పరిహారం లేదు. జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా వేసే ఒప్పందాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2(46) సెక్షన్ అన్యాయమైన ఒప్పందాల్లో చేర్చింది. మీ తొమ్మిదో నిబంధన సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది.

జీఎస్టీ మాట ప్రత్యేకంగా చెప్పాలి. అడ్వాన్సు తీసుకున్నాక సేవ అందించకపోతే రిఫండ్ వోచర్ ఇచ్చి సొమ్ము వెనక్కి ఇచ్చే ఏర్పాటు ఆ చట్టంలోనే ఉంది. మీ ఆడిటరు గారిని అడిగితే చెబుతారు.

మీ సిబ్బంది శ్రమను నేను కాదనడం లేదు. రిజిస్టరు పనికి, ఫోన్లకు, మళ్లీ బుకింగ్ వెతకడానికి అయిన ఖర్చు కింద రూ.10,000 మినహాయించుకోండి. మిగిలిన రూ.2,26,000 సెప్టెంబరు 10వ తేదీ లోపు, నేను డబ్బు పంపిన బ్యాంకు ఖాతాలోనే జమ చేయండి. అంతకన్నా ఎక్కువ మినహాయించాలనుకుంటే, దేనికెంతో బిల్లులతో సహా రాసి పంపండి, చూస్తాను.

గడువు దాటితే ఈ పదివేల మినహాయింపు వర్తించదు. పూర్తి మొత్తం, వడ్డీ, ఖర్చులు కోరుతూ వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. తొమ్మిదో నిబంధన చెల్లదని ప్రకటించమని కూడా కోరుతాను. అలాంటి ఫిర్యాదును విచారించే అధికారం హైదరాబాదులోని రాష్ట్ర కమిషన్‌కు ఉంది.

ఈ లేఖను స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. రసీదు రెండు వైపులా నకలు, ముద్ర వేసిన రద్దు లేఖ, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆగస్టు 14 నాటి శుభలేఖ నకలు జత చేశాను.

ఇట్లు,
కె. సత్యనారాయణ