750 వాట్ల మిక్సర్ గ్రైండర్, మూడు స్టీలు జార్లు: కెపాసిటీ, కరెంటు, వారంటీ వివరాలు

నలుగురైదుగురు ఉండే ఇంట్లో రోజూ చేసుకునే పచ్చళ్లకి, పిండ్లకి, పొడులకి సరిపోయే మిక్సీ ఇది. టిఫిన్ సెంటర్‌కి, హాస్టల్ మెస్‌కి, పచ్చళ్లు చేసి అమ్మే పనికి అయితే దీన్ని తీసుకోకండి. అంత వాడకానికి ఈ మోటారు చాలదు, వారంటీ కూడా రాదు.

ఎమ్మార్పీ: అన్ని పన్నులతో కలిపి 4,295 రూపాయలు
మా ధర: 3,190 రూపాయలు (జీఎస్టీ బిల్లుతో)
మోటారు: 750 వాట్లు, 230 వోల్టులు, 50 హెర్ట్జ్, సింగిల్ ఫేజ్
జార్లు: 1.5 లీటర్లు, 1 లీటరు, 400 మిల్లీలీటర్లు
స్పీడ్: 1, 2, 3, ఎడమ వైపు తిప్పితే పల్స్
వైరు: సుమారు 1.2 మీటర్లు, మూడు పిన్నుల ప్లగ్గు
వారంటీ: మొత్తం మిక్సీకి 2 ఏళ్లు, మోటారుకి 5 ఏళ్లు
పెట్టెలో ఉండేవి: మిక్సీ, మూడు జార్లు, మూడు మూతలు, గరిటె, వారంటీ కార్డు
లేనివి: జ్యూసర్ జారు, కొబ్బరి తురిమే అటాచ్‌మెంట్. ఫొటోలో కనిపించే గాజు గిన్నె అలంకారానికి పెట్టింది.

ఏ జారులో ఎంత పడుతుంది

జారు మీద రాసి ఉన్న లీటర్లు అంచు దాకా నీళ్లు పోస్తే పట్టే కొలత. తిరిగేటప్పుడు లోపలి సరుకు పైకి లేస్తుంది కాబట్టి వాడేటప్పుడు మూడింట రెండు వంతులే నింపాలి. అంటే 1.5 లీటర్ల జారులో ఒకసారికి లీటరు పిండే లెక్క. ఏ కంపెనీ మిక్సీకైనా ఇంతే. పెద్ద అంకె చూసి కొని, ఇంటికెళ్లాక మూత ఎగిరిపోతోందని వచ్చేవాళ్లు మాకు బాగా తెలుసు.

పెద్ద జారు పిండికి. ఇడ్లీకి, గారెలకి మినప్పప్పు నానబోసి రుబ్బాలంటే పొడి పప్పు కొలతలో ఒక వాయికి 200 గ్రాములు చాలు. పెసరట్టు పిండి సులువుగా నలుగుతుంది, పావు కిలో పెసలు ఒకే వాయిలో అవుతాయి. గారెల పిండి గట్టిగా ఉండాలని నీళ్లు అసలు పోయకుండా తిప్పితే మోటారు మీద భారం పడుతుంది. రెండేసి చెంచాల చల్లటి నీళ్లు చిలకరిస్తూ, మధ్యలో ఆపి గరిటెతో కలుపుతూ రుబ్బండి. ఇంట్లో వారానికి రెండు మూడుసార్లు కిలో పప్పు రుబ్బే అలవాటుంటే మీకు కావలసింది మిక్సీ కాదు, వెట్ గ్రైండర్. దుకాణంలో అడిగితే మేం ఇదే చెబుతాం.

మధ్య జారు పొడులకి. ఎండుమిరపకాయలు తొడిమలు తీసి, ఎండలో పెట్టి గలగలలాడేలా చేసుకుంటే వాయికి 100 గ్రాముల దాకా వేయొచ్చు. కందిపొడి, కరివేపాకు పొడి, ఇడ్లీ కారం ఇందులోనే. అరిసెలకి తడిబియ్యం ఆరబెట్టి 200 గ్రాముల చొప్పున వేసి పల్స్ మీద కొట్టి జల్లించుకోవచ్చు. పండక్కి పది కిలోల పిండి కావాలంటే మాత్రం మర ఆడించుకోవడమే మేలు. పసుపు కొమ్ములు ముక్కలు కొట్టకుండా వేయకండి, బ్లేడు వంకరపోతుంది. అలా పోయిన బ్లేడు వారంటీలోకి రాదు.

చిన్న జారులో అర చిప్ప కొబ్బరి చట్నీ, నాలుగు రోజులకి సరిపడా అల్లం వెల్లుల్లి ముద్ద వస్తాయి. బ్లేడు మునిగేంత సరుకు ఉంటేనే నలుగుతుంది. నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి తిప్పితే అవి గోడలకి చిమ్మి అక్కడే అంటుకుంటాయి, ఆ పనికి రోలే నయం. గోంగూర, దొండకాయ, టమాటా లాంటి పచ్చళ్లకి వేయించిన ముక్కలు, పోపు చల్లారాకే వేయండి. వేడిగా ఉన్నది మూత పెట్టి తిప్పితే ఆవిరి మూతను తన్నేస్తుంది, చేతులు కాలతాయి.

750 వాట్లు అంటే

ఇది మోటారు గరిష్ఠంగా లాగే కరెంటు. పొడి వేసినప్పుడు తక్కువ, గట్టి పిండి వేసినప్పుడు ఎక్కువ లాగుతుంది. పూర్తి 750 వాట్లు లాగుతుందనే అనుకున్నా, రోజుకి పావుగంట వాడితే నెలకి ఆరు యూనిట్ల లోపే. కరెంటు బిల్లు గురించి టెన్షన్ పడాల్సింది గీజరు, ఏసీల దగ్గర, మిక్సీ దగ్గర కాదు.

500 వాట్లది చాలదా, 1000 వాట్లది తీసుకోవాలా అని రోజూ అడుగుతారు. చట్నీలు, జ్యూసులు మాత్రమే అయితే 500 వాట్లు చాలు, డబ్బు మిగుల్తుంది. నానిన పప్పు తరచుగా రుబ్బే ఇంటికి 750 కావాలి. 1000 వాట్లు పెద్ద కుటుంబానికి పనికొస్తుంది గానీ, ధర పెరుగుతుంది. నలుగురున్న ఇంట్లో అంత అవసరం మాకైతే కనిపించదు.

ఇది మూడు ఆంపియర్ల పైచిలుకు కరెంటు తీసుకుంటుంది. వంటింట్లో ఉండే మామూలు 6 ఆంపియర్ల సాకెట్టు చాలు, పవర్ ప్లగ్గు అక్కర్లేదు. ఎర్తింగ్ మాత్రం ఉండాలి. మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌కి పెట్టకండి. ఫ్యాన్లు, లైట్ల కోసం పెట్టించుకున్న చిన్న ఇన్వర్టర్ మీద నడపకండి, మోటారు స్టార్టయ్యేటప్పుడే ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. సాయంత్రాలు లో వోల్టేజీ వచ్చే ఊళ్లలో మోటారు నీరసంగా తిరిగి వేడెక్కుతుంది. అలాంటప్పుడు సరుకు సగానికి తగ్గించండి, లేదంటే కరెంటు సరిగా వచ్చాక రుబ్బుకోండి.

మిక్సీ అడుగున రేటింగు ప్లేటు మీద 30 నిమిషాలు అని ఉంటుంది. దాని అర్థం అరగంట ఆపకుండా తిప్పమని కాదు. 5 నిమిషాలు నడిపి 2 నిమిషాలు ఆపుతూ వాడుకోవాలి, అలా మొత్తం అరగంట అయ్యాక మోటారు పూర్తిగా చల్లారనివ్వాలి. వంటింట్లో ఏ వాయీ 5 నిమిషాలు పట్టదు కాబట్టి మామూలు రోజుల్లో ఈ లెక్క గుర్తు పెట్టుకోకపోయినా పర్వాలేదు. పండగ ముందు రోజు మాత్రం గుర్తుంచుకోండి.

భారం ఎక్కువైతే మిక్సీ తనంతట తానే ఆగిపోతుంది. కాలిపోయిందని కంగారు పడొద్దు. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, జారులో కొంత సరుకు తీసేసి, పది పదిహేను నిమిషాలాగి అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కండి. మళ్లీ తిరుగుతుంది. సర్వీసుకి వచ్చే ఫోన్లలో చాలావరకు ఈ బటన్‌తోనే సర్దుకుంటాయి. కొత్తలో నాలుగైదుసార్లు వాడినప్పుడు మోటారు వైండింగుకి పూసిన వార్నిష్ వేడెక్కి వాసన వస్తుంది, అది దానంతట అదే పోతుంది. పొగ వస్తే మాత్రం వెంటనే ఆపి మాకు చెప్పండి.

శబ్దం లేని మిక్సీ అని ఎవరైనా అంటే నమ్మకండి. దీనికీ శబ్దం ఉంది, టీవీ వినపడదు.

వారంటీ

బిల్లు తేదీ నుంచి రెండేళ్లు మొత్తం మిక్సీకి వారంటీ. మోటారు, స్విచ్చి, వైరు, కార్బన్ బ్రష్షులు, జారు అడుగున నీళ్లు కారడం, ఇవన్నీ తయారీ లోపం వల్ల పాడైతే ఉచితంగా బాగు చేస్తారు, కాకపోతే మారుస్తారు. కూలీ కూడా ఉండదు.

మూడో ఏడు నుంచి ఐదో ఏడు చివరి దాకా మోటారు ఒక్కటే ఉచితం. విప్పి బిగించినందుకు 350 రూపాయలు మీరు ఇవ్వాలి, మోటారు కాకుండా ఇంకేం మార్చినా దాని ఖరీదు మీదే. డబ్బా మీద పెద్దక్షరాలతో '5 ఏళ్ల వారంటీ' అని ఉంది కదా అని నాలుగో ఏట స్విచ్చి కోసం వచ్చి మాతో గొడవపడకుండా, ఇది ముందే చెబుతున్నాం.

రెండేళ్లలోపు కూడా వర్తించనివి: రబ్బరు కప్లర్, మూత వాషర్, అరిగిన బ్లేడు, పగిలిన మూత, కింద పడి విరిగిన బాడీ. కప్లర్ అరిగిపోయేలాగే చేస్తారు. జారు ఇరుక్కున్నప్పుడు మోటారు బదులు అది తెగాలి, దాని పని అదే. కొత్తది 60 రూపాయలు, మా దగ్గరే దొరుకుతుంది, ఐదు నిమిషాల పని. మోటారులోకి నీళ్లు పోయినా, మిక్సీని కుళాయి కింద పెట్టి కడిగినా, ఎలుక వైరు కొరికినా, బయట మెకానిక్ దగ్గర విప్పించినా, వ్యాపారానికి వాడినా వారంటీ పోతుంది. విప్పారో లేదో అడుగున సీలు చెప్పేస్తుంది.

వారంటీకి బిల్లు ఉంటే చాలు. కార్డు మీద మా స్టాంపు వేసి, సీరియల్ నంబరు రాసి పంపుతాం. అందగానే మిక్సీ అడుగున ఉన్న నంబరు, కార్డు మీది నంబరు ఒకటేనా చూసుకుని రెండింటికీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. సారెలో పెట్టడానికి కొంటున్నవాళ్లు బిల్లు కూడా అమ్మాయికే ఇచ్చి పంపండి. బిల్లు పుట్టింట్లో, మిక్సీ అత్తారింట్లో ఉండి ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ. బిల్లు మీద పేరు ఎవరిదైనా వారంటీకి అడ్డం రాదు.

రిపేరుకి గుంటూరు, విజయవాడ, తెనాలిలో కంపెనీ సర్వీసు సెంటర్లున్నాయి, అడ్రసులు కార్డు వెనక ఉన్నాయి. వేరే ఊళ్లవాళ్లు మా దుకాణానికి పంపితే మేం అక్కడికి చేరుస్తాం, రాను కొరియర్ ఖర్చు మీది, పోను మాది. మామూలుగా వారం పడుతుంది. మేం గానీ, కంపెనీ గానీ సరిగా పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

రేటింగు ప్లేటు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4250 అనే అంకె, CM/L తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అసలుదో కాదో మీరే చూసుకోవచ్చు.

అమెరికాలో ఉన్న పిల్లలకి పంపడానికి దీన్ని కొనకండి. అక్కడ ఇళ్లలో సాకెట్లలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటు. ఇది అక్కడ పెడితే నీరసంగా తిరుగుతుంది, పప్పు నలగదు. 110 వోల్టుల మోడల్ విడిగా ఉంటుంది, ఆర్డరు మీద వారం రోజుల్లో తెప్పిస్తాం. దానికైనా కంపెనీ వారంటీ ఇండియాలోనే, అక్కడ సర్వీసు ఉండదు.

డెలివరీ వచ్చినప్పుడు పెట్టె విప్పుతూ వీడియో తీయండి. జారు సొట్టపడినా, మూత తక్కువొచ్చినా, మిక్సీ తిరగకపోయినా 7 రోజుల్లో చెబితే కొత్తది పంపుతాం, తిరిగి తీసుకెళ్లే ఖర్చు మాదే. ఒకసారి రుబ్బాక రంగు నచ్చలేదంటే మాత్రం వెనక్కి తీసుకోం.