సగం పేజీ కేస్ ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలి

కూర్చోండప్పా, అందరూ. సోమవారం నర్సింగ్ మోడల్ పేపర్ ఉందని పొద్దున్నుంచి సగం మంది సరిగ్గా తినలేదు. పొడుగు కేస్ చూస్తే తల ఖాళీ అయిపోతుందని చెప్తున్నారు కదా, ఈ పూట దాని గురించే మాట్లాడదాం.

ముందు శరీరం సంగతి. పేపర్ చేతికి రాగానే గుండె దడ పెరిగితే పెన్ను కింద పెట్టండి. పాదాలు రెండూ నేలకు ఆనించి, 4 లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, 6 లెక్కపెడుతూ వదలండి. ఇలా ఐదుసార్లు. నిమిషం కూడా పట్టదు. ఊపిరి నిదానంగా బయటికి వదిలేటప్పుడు వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ఇది మీరు ఫిజియాలజీలో చదివిందే. 75 మార్కులకు 180 నిమిషాలున్నాయి, అంటే మార్కుకు రెండు నిమిషాలకు పైనే. 15 మార్కుల కేసుకు 35 నిమిషాలు పెట్టుకోండి, అందులో మొదటి 5 నిమిషాలు చదవడానికే.

ఇప్పుడు బోర్డు మీది కేస్ చూడండి. కళ్యాణదుర్గం దగ్గరి రైతు, 32 ఏళ్లు, బరువు 60 కిలోలు. ఉదయం 8 గంటలకు తలుపు మూసిన మోటారు షెడ్డులో డీజిల్ అంటుకుంది. ముఖం, ఛాతీ, పొట్ట, కుడిచేయి ముందుభాగం కాలాయి. 10 గంటలకు క్యాజువాలిటీకి తెచ్చారు. గొంతు బొంగురుపోయింది, ముక్కు వెంట్రుకలు కమిలాయి, పల్స్ 124. "చాలా మంట, దాహం" అంటున్నాడు. ఇద్దరు పిల్లలు, పోయినేడు అపెండిక్స్ ఆపరేషన్.

కేస్ కంటే ముందు చివరి లైన్లు చదవండి. అక్కడ ఏం అడిగారు? కాలిన శాతం, మొదటి 8 గంటల ఫ్లూయిడ్, మూడు నర్సింగ్ డయాగ్నోసిస్‌లు ప్రాధాన్య క్రమంలో. అంతే. అది తెలిశాక కేస్ చదివితే అపెండిక్స్ ఆపరేషన్ మీకు పనికిరాదని దానంతటదే తెలిసిపోతుంది. అడిగింది చూడకుండా మొదలుపెట్టినవాళ్లే చర్మం పొరల బొమ్మ వేసి రెండు పేజీలు నింపుతారు. ఆ రెండు పేజీలకు మార్కుల్లేవు.

రెండోసారి చదివేటప్పుడు మార్జిన్‌లో రెండు గళ్లు గీయండి. మంట, దాహం రోగి చెప్పినవి, సబ్జెక్టివ్. పల్స్, బొంగురు గొంతు, కమిలిన వెంట్రుకలు మనం చూసినవి, ఆబ్జెక్టివ్. సమయాలకు, బరువుకు సున్నా చుట్టండి.

లెక్కకు పోదాం. రూల్ ఆఫ్ నైన్స్ ప్రకారం ముఖం 4.5, మొండెం ముందుభాగం 18, చేయి ముందుభాగం 4.5. మొత్తం 27 శాతం. పార్క్‌ల్యాండ్ ఫార్ములాతో:

4 × 60 × 27 = 6480 మి.లీ.

ఇది 24 గంటల రింగర్ లాక్టేట్. అందులో సగం, 3240 మి.లీ., మొదటి 8 గంటల్లో పోవాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఆ 8 గంటలు కాలిన సమయం నుంచి లెక్క, ఆసుపత్రికి వచ్చిన సమయం నుంచి కాదు. రెండు గంటలు ఇప్పటికే పోయాయి. 3240ని 6తో భాగిస్తే గంటకు 540 మి.లీ. దీన్ని 8తో భాగించి 405 రాసినవాళ్లు ఫార్ములా తెలిసి కూడా మార్కు పోగొట్టుకుంటారు. రోగికైతే అది ఇంకా నష్టం, షాక్‌లోకి జారిపోతాడు. మి.లీ.కి 20 చుక్కల సెట్ అయితే నిమిషానికి 180 చుక్కలు. ఒక్క లైన్లో అన్ని లెక్కపెట్టడం కష్టం, కాబట్టి రెండు పెద్ద క్యానులాలు పెట్టి చెరొక 90 అని రాయండి. వార్డులో పనిచేయడం తెలిసిన జవాబు అది.

లెక్క బాగా కుదిరింది కదా అని డయాగ్నోసిస్‌లో ఫ్లూయిడ్‌ను మొదట పెట్టకండి. మూసిన షెడ్డు, బొంగురు గొంతు, కమిలిన ముక్కు వెంట్రుకలు, మూడూ కలిపి ఏం చెప్తున్నాయి? పొగ లోపలికి పోయింది, గొంతులో వాపు పెరిగి గాలిదారి మూసుకుపోవచ్చు. అందుకే ఎయిర్‌వే మొదటిది, ఫ్లూయిడ్ వాల్యూమ్ రెండోది, నొప్పి మూడోది. ఇన్‌ఫెక్షన్ రాగల ప్రమాదమే, ఇంకా వచ్చింది కాదు, ఈ మూడింటి తర్వాతే. ప్రతి డయాగ్నోసిస్ పక్కన కారణం, దానికి రుజువుగా కేసులోని గుర్తు రాయాలి. గుర్తు లేని డయాగ్నోసిస్ కంఠతా పట్టిందని దిద్దేవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

కేర్ ప్లాన్ అడిగితే ప్రతి పనికీ "ఎందుకు" ఉండాలి. ఎవాల్యుయేషన్‌లో "రోగి కుదుటపడ్డాడు" అని రాయకండి, కొలిచేది రాయండి. ఈ రోగికి మూత్రం గంటకు కనీసం 30 మి.లీ., అంటే కిలోకు 0.5.

మధ్యలో ఏదైనా గుర్తురాకపోతే నాలుగు లైన్లు ఖాళీ వదిలి ముందుకు పోండి, చివరి పది నిమిషాల్లో వెనక్కి రండి.

ఇదే కేసులో బరువు 50 కిలోలు, వచ్చిన సమయం 11 గంటలు అనుకుని ఇప్పుడు చేయండి. పెన్ను ముట్టేముందు ఐదు ఊపిర్లు. పక్కవాళ్ల నోట్‌బుక్ వైపు చూడొద్దమ్మా.