అమ్మ ఆస్తమా షీట్: ఏ నంబర్ వస్తే ఏం చేయాలి

రాసిన తేదీ: 27 జనవరి 2026. డాక్టర్ గారికి మళ్లీ చూపించాల్సిన రోజు: మార్చి 3. అప్పటివరకు ఈ కాగితమే లెక్క. పాత చీటీలు తీసి పక్కన పెట్టండి.

అతికించే చోట్లు: వంటింటి తలుపు వెనక ఒకటి, మంచం పక్కన గోడకి ఒకటి. పక్కింటి అత్తకి కూడా ఒక కాపీ ఇచ్చాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అమ్మ పిలిచేది ఆమెనే.

పేషెంట్ వివరాలు

వయసు 46. ఎత్తు 152 సెంటీమీటర్లు. బీపీ ఉంది, షుగర్ లేదు. ఊరు టంగుటూరు దగ్గర, హైవేకి రెండు కిలోమీటర్లు లోపలికి. ఆస్తమాకి వాడే ఇన్హేలర్లు రెండు:

తెల్ల టేపు చుట్టినది రోజూ వాడేది (బుడెసొనైడ్ 200, ఫార్మోటెరాల్ 6). బాగున్నా లేకున్నా రోజూ వాడాలి. నీలం టేపు చుట్టినది ఆయాసం వచ్చినప్పుడు వాడేది (సాల్బుటమాల్ 100). రెండూ ఒకేలా ఉన్నాయని అమ్మ రెండుసార్లు తికమక పడింది, అందుకే ఈ టేపులు. దేన్ని వాడినా స్పేసర్‌తోనే, అంటే ఇన్హేలర్‌కి తగిలించే గొట్టంతోనే వాడాలి. ముందు బాగా ఊపాలి. ఒక పఫ్ నొక్కి నాలుగైదు సార్లు నిదానంగా ఊపిరి పీల్చి వదిలాకే రెండో పఫ్.

మూడు నంబర్లు ఎక్కడి నుంచి వచ్చాయి

జనవరి 5 నుంచి 25 వరకు అమ్మ నోటుబుక్కులో రాసిన పీక్ ఫ్లో రీడింగులు ఇవి, అంటే ఊపిరి ఎంత జోరుగా బయటికి వస్తుందో మీటర్‌లో ఊది చూసిన నంబర్లు. అన్నీ ఇక్కడ ఎక్కించలేదు, లెక్కకి పనికొచ్చినవే రాశాను. నంబర్లన్నీ నిమిషానికి లీటర్లు.

| తేదీ | పొద్దున | సాయంత్రం | ఆ రోజు సంగతి |
|---|---|---|---|
| 10 | 420 కొట్టేశాం, 320 | 330 | దగ్గు వచ్చింది |
| 14 | 200 | 260 | భోగి మంట |
| 18 | 310 | 240 | పొగాకు బ్యారన్‌లో ఆకు దించడం |
| 19 | 220 | 280 | రాత్రి 3 గంటలకి దగ్గుతో లేచింది |
| 22 | 330 | 360 | ఇంట్లోనే ఉంది |
| 23 | 330 | 360 | ఇంట్లోనే |
| 25 | 320 | 350 | సంతకి వెళ్లొచ్చింది |

10వ తేదీ గురించి కొంచెం చెప్పాలి. ఆ పొద్దున మూడుసార్లు ఊదితే 420, 320, 310 వచ్చాయి. మూడింట్లో పెద్దది రాయాలన్న రూలు ప్రకారం తమ్ముడు 420 రాశాడు. డాక్టర్ గారు ఆ పేజీ చూడగానే దాన్ని పెన్నుతో కొట్టేశారు. నోట్లో గాలి బిగపట్టి ఉమ్మినట్టు ఊదినా, ఊదేటప్పుడు దగ్గు వచ్చినా ముల్లు ఎగిరి దొంగ నంబర్ చూపిస్తుందట. మూడు ఊదుళ్లలో పెద్దవి రెండూ దగ్గర దగ్గరగా, 40 లోపు తేడాతో ఉంటేనే నమ్మాలన్నారు. అదే 420ని అమ్మ బెస్ట్ నంబర్ అనుకుని ఉంటే, అందులో 80 శాతం 336, అంతకంటే తక్కువైతే పసుపు రంగు, జాగ్రత్త పడాల్సిన లెక్క. అంటే అమ్మ బాగున్న పొద్దుళ్లు కూడా పసుపులో పడేవి, ఊరికే మందులు పెంచేవాళ్లం.

5, 6, 7 తేదీల నంబర్లు కూడా వదిలేశాం. అప్పుడు మూడింటినీ కూడి మూడుతో భాగించి రాశాం, అది తప్పు. సగటు రాయకూడదు, పెద్దదే రాయాలి.

కాబట్టి అమ్మ బెస్ట్ నంబర్ 360. ఒంట్లో బాగున్నప్పుడు, రెండు రోజులు వరసగా వచ్చింది. అందులో 80 శాతం 288, మీటర్ మీద పదేసి గీతలే ఉంటాయి కాబట్టి 290 పెట్టుకున్నాం. సగం 180, అక్కడి నుంచి కిందికి ఎరుపు. ఈ రెండు చోట్ల మీటర్ పక్కన నెయిల్ పాలిష్‌తో గీతలు పెట్టాను, నంబర్ చదవకపోయినా ముల్లు ఏ గీత దాటిందో కనిపిస్తుంది.

ఇంకో మాట. అమ్మ పసుపునీ "పచ్చ" అంటుంది, ఆకునీ "పచ్చ" అంటుంది. ఫోన్‌లో "పచ్చలో ఉన్నా" అంటే నాకు అర్థం కాలేదు ఒకసారి. ఇక నుంచి ఇంట్లో అందరం ఆకు రంగు, పసుపు, ఎరుపు అనే అందాం.

ఊదే పద్ధతి

పొద్దున లేవగానే, ఇన్హేలర్ వాడకముందే. సాయంత్రం ఆరు ప్రాంతంలో మళ్లీ. నిలబడాలి. ముల్లు కిందికి దించాలి, వేళ్లు దానికి అడ్డు రాకూడదు. నిండా పీల్చి, పెదాలు బిగించి, ఒక్క దెబ్బతో ఊదేయాలి. బూర ఊదినట్టు సాగదీస్తే నంబర్ రాదు. మూడుసార్లు ఊది పెద్దది రాయాలి.

ఆకు రంగు: 290, ఆ పైన

దగ్గు లేదు, రాత్రి నిద్ర పట్టింది, నీళ్ల బిందె ఎత్తినా ఆయాసం లేదు.

తెల్ల టేపుది పొద్దున 1 పఫ్, రాత్రి 1 పఫ్. వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లగా పూత వస్తుంది. బాగుందని మానేయొద్దు అమ్మా. ఈ నంబర్ నిలబడుతోంది ఆ మందు వల్లే. నీలం టేపుది వారంలో రెండుసార్లకి మించి కావాల్సి వస్తే నంబర్ బాగున్నా డాక్టర్ గారికి చెప్పాలి.

పసుపు: 290 కంటే తక్కువ, 180 కంటే ఎక్కువ

లేదా నంబర్ ఎంతున్నా సరే: దగ్గుతో రాత్రి లేవడం, గుండెల్లో పిల్లి కూతలు, మెట్లెక్కితే ఆగాల్సి రావడం, జలుబు మొదలవడం.

భోగి రోజు జరిగింది ఇదే. పొద్దున మంట దగ్గర అరగంట నిలబడింది. మీటర్ 200 చూపించింది. "ఏం లేదులే, పొగ కదా, తగ్గిపోద్ది" అని గారెలు వేయడానికి పొయ్యి దగ్గర కూర్చుంది. నంబర్‌ని పక్కన పెట్టి ఒంటిని నమ్మింది. మధ్యాహ్నానికి మాట్లాడలేకపోయింది. అమ్మా, నీకు ఆయాసం అలవాటైపోయింది, అందుకే అది నీకు ఆలస్యంగా తెలుస్తుంది. మీటర్‌కి ముందే తెలుస్తుంది. పసుపు వచ్చిందంటే పని ఆపేయాల్సిందే. ఎవరు వచ్చినా, పొయ్యి మీద ఏమున్నా.

పొగ దగ్గర నుంచి, దుమ్ము దగ్గర నుంచి ముందు లేచి రావాలి. కూర్చుని నీలం టేపుది 4 పఫ్‌లు, ఒక్కొక్కటిగా. గడియారం చూసుకుని 20 నిమిషాలకి మళ్లీ ఊదాలి. ఇంకా 290 రాకపోతే మరో 4. ఇంకో 20 నిమిషాలకి అవసరమైతే ఇంకో 4. గంటలో మూడు విడతలు, అంతే. చేతులు వణకడం, గుండె దడ దీనివల్ల మామూలే, కాసేపటికి తగ్గుతుంది, భయపడొద్దు.

గంటలో 290 వచ్చి నిలబడితే: తెల్ల టేపుది పొద్దున 2, రాత్రి 2 చొప్పున 14 రోజులు, తర్వాత మళ్లీ 1, 1. ఆ రోజు నాలుగు గంటలకోసారి ఊది రాయాలి.

గంటైనా 290 రాకపోతే, లేదా వచ్చి నాలుగు గంటల్లోపే మళ్లీ పడిపోతే: ప్రెడ్నిసొలోన్ 20 మిల్లీగ్రాముల మాత్రలు రెండు, ఏదైనా తిన్నాక ఒకేసారి. రోజుకి ఒకసారి, మొత్తం 5 రోజులు. మాత్రలు బీరువాలో, నీలం డబ్బాలో ఉన్నాయి. అయిదు రోజులకి ముందు ఆపొద్దు, అయిదు దాటి కొనసాగించొద్దు. అదే రోజు క్లినిక్‌కి ఫోన్ చేసి నంబర్లు చదివి వినిపించాలి. నాక్కూడా. అమ్మ ఫోన్‌లో 1 నొక్కి పట్టుకుంటే నాకు కలుస్తుంది, 2 నొక్కితే క్లినిక్‌కి.

ఎరుపు: 180, అంతకంటే తక్కువ

180 దగ్గర ఆగినా ఎరుపే అనుకోమన్నారు డాక్టర్ గారు. మీటర్ ఊదలేకపోయినా ఎరుపే. ఒక వాక్యం పూర్తి చేయలేక మధ్యలో ఊపిరి పీల్చుకుంటున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, పెదాలు గోళ్లు నీలంగా మారుతున్నా, మత్తుగా ఉన్నా నంబర్ చూడక్కర్లేదు. నంబర్ ఒకటి, ఒళ్లు ఒకటి చెబితే రెండింట్లో ఎక్కువ చెడ్డది ఏదో దాన్నే నమ్మాలి.

ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు అమ్మని కూర్చోబెట్టి కొంచెం ముందుకి వంచి నీలం టేపుది 6 పఫ్‌లు స్పేసర్‌తో ఇవ్వాలి. పడుకోబెట్టొద్దు. మింగగలిగితే ప్రెడ్నిసొలోన్ మాత్రలు రెండూ వెంటనే, తిన్నదా లేదా అని చూడొద్దు. ఆంబులెన్స్ వచ్చేదాకా 20 నిమిషాలకోసారి మళ్లీ 6. ఫోన్‌లో "ఆస్తమా, మాట్లాడలేకపోతోంది" అని స్పష్టంగా చెప్పండి, ఊరికి హైవే నుంచి దారి చెప్పండి, ఒకరు స్కూలు దగ్గర నిలబడండి. ఆంబులెన్స్ ఆలస్యం అవుతుందని తెలిస్తే ఏ కారు దొరికితే ఆ కారులో ఒంగోలు రిమ్స్‌కి. ఇన్హేలర్, స్పేసర్, నోటుబుక్కు, ఈ కాగితం వెంట పట్టుకెళ్లండి.

నాన్నా, ఇది నీకు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించి చూద్దాం అని గంట పోగొట్టొద్దు. పఫ్‌లకి తగ్గిందనిపించినా ఎరుపు దాకా వెళ్లిన రోజు ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అమ్మకి పడనివి

బ్యారన్ పని ఈ సీజన్‌లో వద్దని డాక్టర్ గారు చెప్పారు. 18న అక్కడికి వెళ్లింది, సాయంత్రానికి 240, మర్నాడు 220. కూలి పోతుందని అమ్మ బాధ. ఆ కూలి కోసం వెళ్లి మంచాన పడింది, నాన్న పనికీ వెళ్లలేకపోయాడు, అదీ లెక్కలో వేసుకోవాలి. ఇంట్లో ఆకు గ్రేడింగ్ కూడా అమ్మ ఉన్న గదిలో వద్దు. దోమల చక్రాలు ఆపేసి దోమతెర కట్టాం. నాన్న చుట్ట దొడ్డి అవతలే. మానేస్తే ఇంకా మంచిది నాన్నా, నిజంగా అడుగుతున్నాను.

మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు, కొందరికి వాటివల్ల ఆస్తమా లేస్తుంది. పారాసిటమాల్ సరిపోతుంది. బీపీ మాత్ర ఎవరైనా మారిస్తే ముందు "నాకు ఆస్తమా ఉంది" అని చెప్పాలి. కొన్ని బీపీ మాత్రలు ఊపిరి గొట్టాలని బిగిస్తాయి.

స్పేసర్ ఆదివారం సబ్బు నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా నీడన ఆరబెట్టాలి. నీలం టేపు దాంట్లో 200 పఫ్‌లు ఉంటాయి. డబ్బా మీద ఎన్ని వాడామో గీతలు పెడుతున్నాం, 150 గీతలకి కొత్తది కొనాలి. ఇవాళ్టికి 34 గీతలు.