విషయం: ఆఫర్ లెటర్ HR/OL/2025/118లో పేరు, హోదా, చేరే తేదీ సవరించి మళ్లీ ఇవ్వవలసిందిగా వినతి

గుంటూరు,
12 ఆగస్టు 2025

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ హైదరాబాద్ ఆఫీసు అకౌంట్స్ విభాగంలో ఉద్యోగానికి నిన్న మెయిల్‌లో పంపిన ఆఫర్ లెటర్ అందింది, ధన్యవాదాలు. అందులో మూడు తప్పులు దొర్లాయి. సంతకం చేసేలోపే సరిచేయించుకోవాలని రాస్తున్నాను.

మొదటిది పేరు. లెటర్‌లో P Laxmi Soujanya అని ఉంది. నా పాన్, ఆధార్, టెన్త్ మెమో, పీఎఫ్ యూఏఎన్ నాలుగింట్లోనూ Pasupuleti Lakshmi Sowjanya అనే ఉంది. Lakshmiలో x రాదు, ksh వస్తుంది. Sowjanyaలో ou కాదు, ow. ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా ఉండాలి. లెటర్‌లో ఉన్న పేరే పేరోల్‌కు వెళ్తే యూఏఎన్‌తో సరిపోలక పాత పీఎఫ్ బదిలీ ఆగుతుంది.

రెండోది హోదా. మొదటి పేజీలో సీనియర్ అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ అనే ఉన్నా, జీతం అనుబంధంలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ అని పడింది. ఏడాదికి రూ. 6,48,000 మొత్తం, దాని విభజన సరిగానే ఉన్నాయి. వాటిలో మార్పేమీ కోరడం లేదు.

మూడోది చేరే తేదీ, నాకు ఎక్కువ ఆందోళన దీనితోనే. మొదటి పేజీలో 6 అక్టోబర్ 2025 అని ఉంది, జులై 30న మీరు మెయిల్‌లో చెప్పిందీ అదే. కానీ 3వ షరతులో 22 సెప్టెంబర్‌లోగా చేరకపోతే ఆఫర్ రద్దవుతుందని ఉంది. ఆగస్టు 4న రాజీనామా ఇచ్చాను. 60 రోజుల నోటీసు అక్టోబర్ 2తో ముగుస్తుంది. అంతకుముందే చేరితే పీఎఫ్ రికార్డులో ఒకేసారి రెండుచోట్ల పనిచేసినట్టు పడుతుంది. దయచేసి 3వ షరతులోనూ 6 అక్టోబర్ అనే వేయించండి.

తప్పుల్ని పెన్నుతో దిద్దడం, "గమనించాం" అని మెయిల్ ఇవ్వడం కాకుండా లెటర్ మొత్తాన్ని కొత్త తేదీతో మళ్లీ ఇవ్వగలరు. పాత లెటర్ స్థానంలో ఇది చెల్లుతుందన్న ఒక వాక్యం, అనుబంధంతో సహా ప్రతి పేజీలో సంతకం ఉంటే చాలు. మీ పోర్టల్‌లోని నా ప్రొఫైల్‌లోనూ పేరు, హోదా, తేదీ మార్పించండి. లేదంటే అపాయింట్‌మెంట్ లెటర్ అక్కడి వివరాలతోనే తయారై ఇవే తప్పులు మళ్లీ వస్తాయి.

అంగీకారానికి గడువు ఆగస్టు 18. పోర్టల్‌లో Accept నొక్కితే ఇప్పుడున్న లెటరే ఖాయమవుతుంది కాబట్టి నొక్కలేదు. ఉద్యోగంలో చేరడంపై నాకు ఎలాంటి సందేహమూ లేదు. సవరించిన లెటర్ 18లోగా రాకపోతే, అది అందిన రోజు నుంచి మూడు పనిదినాలు గడువు పొడిగిస్తున్నట్టు ఇదే మెయిల్‌కు జవాబివ్వగలరు.

జతచేసినవి: పాన్, మొదటి ఎనిమిది అంకెలు కప్పిన ఆధార్, టెన్త్ మెమో, మీ జులై 30 మెయిల్, నా రాజీనామా ఆమోద పత్రం, తప్పులున్న చోట్ల గుర్తుపెట్టిన ఆఫర్ లెటర్ పీడీఎఫ్.

ఇట్లు,
పసుపులేటి లక్ష్మీ సౌజన్య
(Pasupuleti Lakshmi Sowjanya)