వాన మెట్లు

మొన్న సాయంత్రం గచ్చిబౌలిలో బస్సు రెండు గంటలు కదల్లేదు. "అయిపోయింది సార్, ఇంటికెళ్ళినట్లేలే" అన్నాడు కండక్టరు, ఎవరితోనూ కాకుండా. ఊరికే వేళ్ళు మడిచి చూశాను. ఏడక్షరాలు. అక్కణ్ణుంచి వెనక్కి ఆరు, ఐదు, నాలుగు వెతుక్కుంటూ పోతే ఒక మెట్ల వరస తయారైంది. బస్సు దిగేలోపు మరో ఆరు కట్టాను. లెక్క ఒక్కటే: ప్రతి వరసా ఒక్కక్షరం మాటతో మొదలవ్వాలి, తర్వాతి మాట సరిగ్గా ఒక్క అక్షరం పెరగాలి. సున్న, ఒత్తు విడిగా లెక్కలోకి రావు. 'చుక్క' రెండు, 'రాలింది' మూడు. పొల్లుతో ముగిసే మాటలతో పేచీ వస్తుందని అవి అసలు వాడలేదు. దాంతో మాదాపూర్, మియాపూర్, ఉప్పల్, ఊళ్ళో సగం పేర్లు బయటే తడిశాయి.

ఓ
చుక్క
రాలింది.
బాల్కనీలో
ఆరవేసిన
బట్టలన్నింటినీ
పోగుచేసుకొచ్చాను.

ఆ
నల్ల
మబ్బులు
గచ్చిబౌలి
ఫ్లైఓవరును
మింగేసినాయంటే
ఇంటికెళ్ళినట్లేలే!

ఏ
బండీ
కదల్దు.
హారన్లన్నీ
ఒక్కసారిగా
మొత్తుకుంటున్నాయి.

రా
భయ్యా,
అన్నాడు
ఛాయిబండి
తోసుకొచ్చిన
కుర్రవాడొకడు
తలదాచుకొమ్మంటూ.

ఈ
మూసీ
పొంగిన
సెప్టెంబర్లో
చింతచెట్టెక్కి
కూర్చున్నవాళ్ళంతా
బతికిపోయారంట.

నీ
ఫోను
అందదు.
బజ్జీలేమో
ఎప్పటినుంచో
ఎదురుచూస్తూనే
చల్లారిపోతున్నాయి.

హా,
ఇల్లు
చేరాను.
మోకాల్లోతు
నీళ్ళలోంచొచ్చి,
చెప్పులూడిపోయి,
తడిసిపోయిందంతా
తుడుచుకోబోతుండగా
వెలిసిపోతున్నట్టుందిగా!

రాత్రి తల ఆరాక నాన్నకు చదివి వినిపించాను. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి, మెచ్చుకోవడం కన్నా ముందు లెక్కపెడతాడు. బొటనవేలితో కణుపులు తాకుతూ విని, ఛాయిబండి దగ్గర ఆపాడు.

"ఇవి రెండు మాటలురా. అతికించేస్తే ఒకటవుతాయా?"

"మరి చింతచెట్టు?"

"అది సమాసం. బండి నీ సౌకర్యం."

రెండూ సమాసాలేనని ఇద్దరికీ తెలుసు. కానీ చింతచెట్టు మీద నాన్న ఈగ వాలనివ్వడు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు సుమారు 150 మంది ప్రాణాలు నిలబెట్టిన చెట్టది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఆ వరద దెబ్బకే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. సంవత్సరం కూడా పెట్టాల్సింది అన్నాడు. పందొమ్మిది వందల ఎనిమిది ఏ మెట్టు మీద పడుతుందో నువ్వే చెప్పు అన్నాను. కాసేపు ఆలోచించి, సరే సెప్టెంబరుతో సరిపెట్టు అన్నాడు.

ఇలా పెరుగుతూ పోయేదాన్ని సంగీతంలో స్రోతోవహ యతి అంటారట, ఏరు పారేకొద్దీ వెడల్పయినట్టు. తిరగేసి తగ్గించుకుంటూ వస్తే గోపుచ్ఛం, అంటే ఆవు తోక. పాశ్చాత్యులు దీనికి గద పేరు పెట్టుకున్నారు, పిడి దగ్గర సన్నం, కొస లావు అని. గ్రీకులో గదను రోపలాన్ అంటారు, అందుకే రోపాలిక్ పద్యం. వాన సంగతి కాబట్టి నాకు ఏరే బాగుంది.

కట్టేటప్పుడు కొస దగ్గర కష్టమవుతుందనుకున్నాను. అక్కడ అసలు ఇబ్బందే లేదు. తెలుగు క్రియకు ఒక 'పో', ఒక 'ట్టు', ఒక 'గా' తగిలిస్తే అదే సాగుతుంది. తొమ్మిదక్షరాల 'వెలిసిపోతున్నట్టుందిగా' కోసం నిఘంటువు తీయక్కర్లేదు, కిటికీ దగ్గర నిలబడితే ఎవరో ఒకరు అంటారు. టెన్షనంతా మొదటి మెట్టు దగ్గరే. ఓ, ఆ, ఏ, ఈ, నీ, రా ఖర్చయ్యాక చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ చివరి 'హా'లో కొంచెం నాటకం ఉంది, ఒప్పుకుంటాను. మామూలుగా నేను ఇంటికొస్తే హా అనను, టవల్ ఏదీ అంటాను.

అమ్మ వంటింట్లోంచే అంతా విన్నట్టుంది.

"బజ్జీలు చల్లారిపోయాయని ఎందుకు రాశావు? నువ్వొచ్చాక మళ్ళీ వేయించాను కదా. అది మార్చు."

అతికించేసి, మళ్ళీవేయించాను, కణుపుల మీద లెక్కపెట్టాను. ఆరే వచ్చాయి. ఒకటి తక్కువ.